పన్ను, బ్యాంకు, ప్రభుత్వ నోటీసులు: గడువు దాటిపోకుండా ఒకే ఫైల్లో పెట్టుకోవడం ఎలా?

"కాగితాలన్నీ దాచే ఉంచాను, కానీ గడువు దాటిపోయిందని తర్వాత తెలిసింది." నోటీసుల గురించి అడిగేవాళ్లలో ఎక్కువ మంది చెప్పేది ఇదే. పన్ను శాఖ ఉత్తరాలకు ఒక ఫైల్, బ్యాంకువాటికి ఒకటి, మున్సిపాలిటీవాటికి ఇంకొకటి చక్కగా పెట్టుకున్నవాళ్లకు కూడా ఇలా జరుగుతుంది. ఎందుకంటే ఆ ఫైళ్లు ఎవరు పంపారో చెబుతాయి గానీ, ఎప్పటిలోగా చేయాలో చెప్పవు. అందుకే ఈ పద్ధతిలో కాగితాలను పంపినవాళ్ల పేరుతో కాకుండా గడువు తేదీతో వరుస పెడతాం. ఫైల్ తెరవగానే పైన కనిపించే కాగితమే మీరు ముందు చేయాల్సిన పని.

కావాల్సినవి

- రెండు రింగులున్న ఫైల్ ఒకటి, కన్నాలు వేసే పంచింగ్ మెషిన్
- నాలుగు విభాగాలు చేయడానికి రంగు అట్టలు
- స్టేప్లర్, పెన్సిల్, ఒక ముదురు రంగు పెన్ను
- ఫైల్ మొదట్లో పెట్టడానికి గీతల కాగితం (దీన్ని గడువుల పట్టిక అందాం)
- ఫోన్‌లో ఉండే మామూలు క్యాలెండర్

ప్రత్యేకంగా యాప్ ఏదీ అక్కర్లేదు. కాగితాలకు కన్నాలు వేయడం ఇష్టం లేకపోతే పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కవర్లు వాడొచ్చు. ఒక్క షరతు: ఒక కవర్లో ఒకే వ్యవహారం ఉండాలి. రెండు నోటీసులు ఒకే కవర్లోకి వెళ్తే వెనకది కనిపించదు.

రంగు అట్టలతో ఫైల్‌ని ఇలా విడగొట్టండి: 1. చేయాల్సినవి. 2. జవాబు పంపాం, ఎదురుచూస్తున్నాం. 3. సమాచారం మాత్రమే. 4. ముగిసినవి. అన్నిటికన్నా ముందు గడువుల పట్టిక.

1. వచ్చిన రోజే తెరిచి, అందిన తేదీ రాయండి

కవరు మీద శాఖ పేరు చూడగానే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. ఆదివారం తీరిగ్గా చూద్దామని పక్కన పెడతారు. పక్కన పెట్టినా లోపల రోజులు లెక్కకు వస్తూనే ఉంటాయి. తెరవడానికి, చదవడానికి మధ్య తేడా ఉంది. ఈ రోజు మీరు చేయాల్సింది తెరవడం, కుడివైపు పై మూల పెన్సిల్‌తో "అందింది: మార్చి 9" అని రాయడం, అంతే. వివరంగా చదవడం రేపటికి వాయిదా వేసినా ఫర్వాలేదు.

కవరు పారేయకండి. పోస్టల్ ముద్ర ఉన్న కవరును నోటీసు వెనక స్టేపుల్ చేయండి. కొన్ని గడువులు ఉత్తరం మీద ఉన్న తేదీ నుంచి కాక, అది మీకు అందిన రోజు నుంచి మొదలవుతాయి. ఉత్తరం మీద మూడో తేదీ ఉండి, అది పదిహేనో తేదీన మీ చేతికొస్తే, ఆ సంగతి రుజువు చేసుకోవడానికి మీ దగ్గర ఉండేది ఆ ముద్ర ఒక్కటే.

ఈమెయిల్‌లో వచ్చిన నోటీసుకైతే కవరు స్థానంలో ఆ మెయిల్ ఉంటుంది. జతగా వచ్చిన పీడీఎఫ్ ఒక్కటే దాచి మెయిల్ తీసేయొద్దు. పీడీఎఫ్‌ను ప్రింట్ తీసి ఫైల్లో పెట్టండి. ప్రింటర్ లేకపోతే ఒక తెల్లకాగితం మీద ఎవరు పంపారు, సూచిక సంఖ్య, గడువు రాసి దాన్నే ఫైల్లో పెట్టండి. ఫైల్లో ఏదో ఒక కాగితం ఉండాలి. లేదంటే ఆ నోటీసు వరుసలోకి రాదు.

2. నిజమైనదేనా అని చూడండి

నోటీసులో ఉన్న ఫోన్ నంబరుకు చేసి "ఇది మీరే పంపారా?" అని అడిగితే మోసగాడు కూడా "అవును" అనే అంటాడు. నోటీసులోని లింకు నొక్కకుండా, ఆ శాఖ లేదా బ్యాంకు వెబ్‌సైట్ చిరునామా మీరే టైప్ చేసి, మీ ఖాతాలోకి వెళ్లి, అదే నోటీసు అక్కడ ఉందో లేదో చూడండి. భారత ఆదాయపు పన్ను శాఖ 2019 అక్టోబరు 1 నుంచి తన ఉత్తరాల మీద డిన్ అనే గుర్తింపు సంఖ్య వేస్తోంది. incometax.gov.in లో ఆ సంఖ్య కొట్టి నోటీసు అసలుదో కాదో చూసుకోవచ్చు, దానికి లాగిన్ కూడా అక్కర్లేదు.

అనుమానంగా ఉన్నా సరే, తేలేవరకు ఆ కాగితాన్ని చేయాల్సినవాటిలోనే ఉంచండి. "ఇదేదో ఫేక్‌లా ఉంది" అనుకుని చెత్తబుట్టలో వేశాక అది అసలుదని తేలితే కష్టం.

3. నాలుగు సంగతులు మాత్రం వెతకండి

మొదటిసారి చదివేటప్పుడు చట్టం సెక్షన్లన్నీ అర్థం చేసుకోవాలని కూర్చోకండి. పెన్సిల్ పట్టుకుని ఈ నాలుగింటి కింద గీత గీయండి: ఎవరు పంపారు, సూచిక సంఖ్య ఎంత, ఏ సంవత్సరానికి సంబంధించింది, మనల్ని ఏం చేయమంటున్నారు.

సంవత్సరం దగ్గర కాస్త ఆగండి. భారత ఆదాయపు పన్ను నోటీసుల్లో ఇంతకాలం అసెస్‌మెంట్ సంవత్సరం రాస్తూ వచ్చారు. అసెస్‌మెంట్ సంవత్సరం 2025-26 అంటే మీరు 2024-25లో సంపాదించిన దాని లెక్క. ఇది గమనించక వేరే ఏడాది కాగితాలు వెతికి, వేరే ఏడాది లెక్కలతో జవాబిచ్చేవాళ్లు చాలామంది. గడువులోపే పంపినా ఆ జవాబు పనికిరాదు.

ఏం చేయమంటున్నారన్నది ఈ నాలుగింటిలో ఒకటి అవుతుంది: జవాబు ఇవ్వడం, డబ్బు కట్టడం, స్వయంగా హాజరు కావడం, ఊరికే తెలుసుకోవడం. ఒక్కోసారి రెండు కలిసి ఉంటాయి. కట్టాలి, కట్టినట్టు జవాబు కూడా ఇవ్వాలి. అప్పుడు రెండూ రాసుకోండి.

నాలుగో రకంతో జాగ్రత్త. బ్యాంకు నుంచి "నిబంధనలు మారుతున్నాయి" అని ఓ ఉత్తరం వస్తుంది. చూస్తే సమాచారంలా ఉంటుంది. రెండో పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో "ఫలానా తేదీలోగా అభ్యంతరం తెలపకపోతే అంగీకరించినట్టు భావిస్తాం" అని ఉంటుంది. అలాంటి వాక్యం ఉంటే అది సమాచారం కాదు, గడువున్న కాగితమే. అందుకే మూడో విభాగంలోకి పంపే ముందు చివరి పేజీ చివరి పేరా తప్పకుండా చదవండి.

4. గడువు తేదీని లెక్కగట్టండి

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. కొన్ని నోటీసుల్లో "మార్చి 31లోగా" అని తేదీయే ఉంటుంది. దాంతో పేచీ లేదు. "30 రోజుల్లోగా" అని ఉన్నప్పుడు మాత్రం మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

*ఏ రోజు నుంచి?* ఇది ఒక్కో దేశంలో, ఒక్కో శాఖలో ఒక్కోలా ఉంటుంది. బ్రిటన్ పన్ను శాఖ నిర్ణయం మీద అప్పీలు చేయాలంటే మామూలుగా ఆ ఉత్తరం మీద ఉన్న తేదీ నుంచే 30 రోజులు. భారత ఆదాయపు పన్నులో అసెస్‌మెంట్ మీద మొదటి అప్పీలుకూ 30 రోజులే, కానీ లెక్క మొదలయ్యేది డిమాండ్ నోటీసు మీకు అందిన రోజు నుంచి. జర్మనీ మరోలా ఆలోచించింది: పోస్టు చేశాక నాలుగో రోజున అందినట్టు అనుకుని అక్కడి నుంచి నెల లెక్కిస్తారు. 2025కు ముందు అది మూడో రోజు. అమెరికాలో నోటీస్ ఆఫ్ డెఫిషియెన్సీ అనే పన్ను నోటీసు పోస్టు చేసిన రోజు నుంచి కోర్టుకు వెళ్లడానికి 90 రోజులు ఉంటుంది, దేశం బయట ఉన్న చిరునామాకు పంపితే 150. ఇవన్నీ గుర్తుపెట్టుకోమని కాదు. మీ నోటీసులో "ఈ నోటీసు తేదీ నుంచి" అని ఉందా, "ఇది అందిన తేదీ నుంచి" అని ఉందా చూడమని. రెండూ లేకపోతే ఉత్తరం మీద తేదీ నుంచే లెక్కించండి. అప్పుడు మీరు తొందరపడి ఉంటారు గానీ ఆలస్యమై ఉండరు.

*ఎలా లెక్కించాలి?* మొదటి రోజును మామూలుగా వదిలేస్తారు. భారత్‌లో 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం చెప్పేదీ అదే. నోటీసు తేదీ మార్చి 3 అయితే మార్చి 4 ఒకటో రోజు. మార్చి 31 నాటికి 28 రోజులు, ఇంకా రెండు కలిపితే ఏప్రిల్ 2. వేళ్ల మీద కాకుండా క్యాలెండర్ ముందు పెట్టుకుని ఒక్కో గడి మీద పెన్ను పెడుతూ లెక్కించండి. "30 రోజులు" వేరు, "ఒక నెల" వేరు. "పని దినాలు" అని ఉంటే సెలవులు తీసేయాలి. ఆ పదం లేకపోతే ఆదివారాలూ పండగలూ అన్నీ లెక్కలోకి వస్తాయి.

*ఆఖరి రోజుకు ఏం జరిగి ఉండాలి?* పంపితే చాలా, వాళ్లకు చేరాలా? అమెరికా పన్ను శాఖకైతే గడువు రోజున పోస్టు ముద్ర పడితే సాధారణంగా సరిపోతుంది. చాలా కార్యాలయాలకు, బ్యాంకులకు అలా కుదరదు, చేరి తీరాలి. డబ్బు విషయంలోనూ అంతే. మీ ఖాతాలోంచి వెళ్లిన రోజు, వాళ్ల ఖాతాలో పడిన రోజు ఒకటి కాకపోవచ్చు. పోర్టల్ అర్ధరాత్రి వరకు పనిచేస్తుంది గానీ కార్యాలయం కౌంటర్ సాయంత్రం మూసేస్తారు. తేదీ పక్కన "చేరాలి" లేదా "పంపితే చాలు" అని రాసుకోండి.

ఆఖరి రోజు సెలవైతే మర్నాటికి జరుగుతుందనే నియమం చాలాచోట్ల ఉంది. అది అనుకోకుండా ఇరుక్కున్నప్పుడు వాడుకోవాల్సిన వెసులుబాటు. పట్టికలో మాత్రం సెలవుకు ముందు రోజే రాయండి.

లెక్క తేలాక ఆ తేదీని నోటీసు పైన ముదురు పెన్నుతో, పెద్ద అక్షరాల్లో రాయండి. "అందింది" పెన్సిల్‌తో, "గడువు" పెన్నుతో. ఈ రెండూ ఒకేలా కనిపిస్తే హడావిడిలో ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకుంటారు.

5. మన తేదీ ఒకటి పెట్టుకోండి

వాళ్ల గడువు ఒకటి, మన తేదీ ఒకటి. పనిచేయాల్సింది మన తేదీకి. జవాబు రాయడానికైనా, పత్రాలు సేకరించడానికైనా గడువుకు 10 రోజుల ముందు పెట్టుకోండి. ఉత్తినే డబ్బు కట్టడమైతే నాలుగు రోజులు చాలు. హాజరు కావాల్సి ఉంటే, వెళ్లే రోజుకు వారం ముందు పత్రాలన్నీ సిద్ధంగా ఉండాలి. నోటీసు మీ చేతికొచ్చేసరికే 10 రోజులకన్నా తక్కువ మిగిలిందా? అయితే మన తేదీ ఈ రోజే.

నోటీసు అడిగిన పత్రం వేరేవాళ్ల దగ్గరుంటే, దాన్ని అడగాల్సిన తేదీ కూడా విడిగా రాసుకోవాలి. గడువు తప్పినవాళ్లలో చాలామంది జవాబు రాయడంలో ఆలస్యం చేసినవాళ్లు కారు. బ్యాంకు నుంచో, పాత ఉద్యోగం చేసిన చోటు నుంచో కాగితం రావడానికి పట్టే రోజులు ముందే లెక్కేసుకోనివాళ్లు.

6. పట్టికలో ఎక్కించి, ఫైల్లో పెట్టండి

ఒకే రోజు, మార్చి 9న, నాలుగు కవర్లు వచ్చాయనుకుందాం.

మొదటిది పన్ను శాఖ నుంచి. మార్చి 3 తేదీతో ఉంది. మీ డిపాజిట్ మీద బ్యాంకు చెప్పిన వడ్డీకి, మీరు రిటర్నులో చూపిన వడ్డీకి తేడా ఉంది, "ఈ నోటీసు తేదీ నుంచి 30 రోజుల్లోగా" వివరణ ఇవ్వమన్నారు. అంటే ఏప్రిల్ 2. అందిన రోజు నుంచి లెక్కేసుకుంటే ఏప్రిల్ 8 అని రాసుకుని, ఇంకో ఆరు రోజులు ఎక్కువ ఉన్నాయన్న భ్రమలో ఉండేవాళ్లు. మన తేదీ మార్చి 23. జవాబుకు బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్ కావాలి, దాన్ని మార్చి 12లోపు అడగాలి.

రెండోది బ్యాంకు నుంచి: మార్చి 31లోగా కేవైసీ పత్రాలు ఇవ్వకపోతే ఖాతా లావాదేవీలపై ఆంక్షలు ఉంటాయని. మన తేదీ మార్చి 21.

మూడోది ఆస్తి పన్ను డిమాండు. ఇందులో రెండు తేదీలున్నాయి: ఏప్రిల్ 30లోగా కడితే తగ్గింపు, జూన్ 30 దాటితే జరిమానా. రెండూ రాయాలి. కానీ వరుసలో ముందు తేదీ ప్రకారమే పెట్టాలి. మన తేదీ ఏప్రిల్ 26.

నాలుగోది వడ్డీ రేటు మారిందన్న బ్యాంకు ఉత్తరం. చివరి పేరా దాకా చదివాం, గడువేమీ లేదు. నేరుగా మూడో విభాగంలోకి, పట్టికలో రాయనక్కర్లేదు.

పట్టిక ఇలా ఉంటుంది:

| మన తేదీ | వాళ్ల గడువు | ఎవరు | ఏం చేయాలి | అయిందా |
|---|---|---|---|---|
| మార్చి 21 | మార్చి 31 (చేరాలి) | బ్యాంకు | కేవైసీ పత్రాలు | |
| మార్చి 23 | ఏప్రిల్ 2 (చేరాలి) | పన్ను శాఖ | వడ్డీ తేడాకు వివరణ. 12లోపు సర్టిఫికెట్ అడగాలి | |
| ఏప్రిల్ 26 | ఏప్రిల్ 30, జూన్ 30 | మున్సిపాలిటీ | ఆస్తి పన్ను కట్టాలి | |

చూశారా, అందరూ భయపడే పన్ను నోటీసు రెండో స్థానంలోకి వెళ్లింది. మామూలుగా అయితే దాని మీదే ధ్యాసంతా పెట్టి, కేవైసీని "అదెంతసేపు, ఎప్పుడైనా ఇచ్చేయొచ్చు" అని వదిలేస్తాం. ఏప్రిల్ మొదట్లో ఖాతా ఆగిపోతే, ఆ నెలాఖరున ఆస్తి పన్ను కట్టడానికి డబ్బు తీయలేరు.

మొదటి విభాగంలో కాగితాలు సరిగ్గా ఈ వరుసలోనే ఉండాలి. కొత్త నోటీసు వస్తే పైన పడేయకుండా, దాని తేదీకి తగ్గ చోట రింగులు తెరిచి మధ్యలో దూర్చండి. కాస్త బద్ధకంగా అనిపిస్తుంది, నిజమే. కానీ ఈ ఒక్క పని మానేస్తే ఫైల్ మళ్లీ ఉత్త కాగితాల కట్ట అయిపోతుంది. పట్టికను మాత్రం ప్రతిసారీ తిరగరాయనక్కర్లేదు. వరుసల మధ్య ఖాళీ వదిలి రాయండి, నిండిపోయాక కొత్త కాగితం తీసుకుని మిగిలినవి ఎక్కించండి.

స్కాన్ చేసి కంప్యూటర్‌లోనే ఉంచుకునేవాళ్లు ఫైలు పేరు ముందు గడువు తేదీని సంవత్సరం, నెల, రోజు క్రమంలో పెడితే చాలు. పేరు ప్రకారం అమర్చగానే అన్నీ గడువు వరుసలోకి వచ్చేస్తాయి:

```
2026-03-31_bank_kyc.pdf
2026-04-02_tax_vaddi-vivarana.pdf
2026-04-30_property-tax.pdf
```

రోజును ముందు పెట్టి `02-04-2026` అని రాస్తే ఏప్రిల్ 2, మార్చి 31 కంటే పైకి వెళ్తుంది. అప్పుడు వరుస అబద్ధం చెబుతుంది.

7. ఫోన్‌లో రెండు గుర్తులు

మన తేదీకి ఒకటి, అసలు గడువుకు మూడు రోజుల ముందు ఒకటి. గుర్తులో "నోటీసు" అని రాయకండి. మూడు వారాల తర్వాత అది దేని గురించో మీకే తెలియదు. "పన్ను శాఖకు వడ్డీ వివరణ, ఫైల్లో రెండోది, ఆఖరు ఏప్రిల్ 2" అని రాయండి. గంట మోగినప్పుడు మీరు ఇంట్లో, ఫైల్ దగ్గర ఉండే సమయానికి పెట్టండి. ఆఫీసు మీటింగ్ మధ్యలో మోగితే నొక్కి ఆపేస్తారు, అక్కడితో అది అయిపోతుంది.

ఇంట్లో ఇద్దరి పేర్ల మీదా నోటీసులు వస్తుంటే ఇద్దరి ఫోన్లలోనూ పెట్టండి. ఫైల్ మాత్రం ఒకటే.

8. వారానికోసారి ఫైల్, దాంతోపాటు పోర్టల్

వారంలో ఒక రోజు అనుకుని పట్టిక పైనుంచి కిందికి చూడండి, ఐదు నిమిషాల పని. దాంతోపాటు మీకు ఖాతాలున్న ప్రభుత్వ పోర్టళ్లు కూడా తెరవాలి. చాలా శాఖలు ఇప్పుడు కాగితం పంపడం మానేశాయి. భారత్‌లో జీఎస్టీ చట్టం ప్రకారం నోటీసును ఉమ్మడి పోర్టల్‌లో పెట్టడం కూడా అందజేసే పద్ధతుల్లో ఒకటి. అంటే మీరు లాగిన్ కాకపోయినా నోటీసు ఇచ్చినట్టే లెక్క కావచ్చు. వ్యాపారం మూసేశాక ఇక ఆ పోర్టల్‌తో పనేముందని వదిలేసినవాళ్లే ఎక్కువగా ఇబ్బంది పడతారు, ఎందుకంటే పాత ఏళ్ల నోటీసులు తర్వాతే వస్తాయి.

ఈ సందర్భంలోనే పోర్టల్‌లో ఉన్న ఈమెయిల్, ఫోన్ నంబరు ఎవరివో చూడండి. రిజిస్ట్రేషన్ చేసినప్పుడు పన్ను సలహాదారు తన మెయిలే ఇచ్చి ఉండొచ్చు. ఆయన దగ్గర మీరు మానేసి రెండేళ్లయినా నోటీసులు ఆయనకే వెళ్తుంటాయి.

9. జవాబు పంపాక

కాగితాన్ని నేరుగా ముగిసినవాటిలోకి పంపొద్దు. పంపిన జవాబు కాపీ, జత చేసిన పత్రాలు, రసీదు లేదా అక్నాలెడ్జ్‌మెంట్ సంఖ్య, అన్నీ ఆ నోటీసు వెనక చేర్చి రెండో విభాగంలోకి మార్చండి. పట్టికలో "అయిందా" దగ్గర పంపిన తేదీ రాసి, నెల తర్వాత తేదీతో "ఏమైందో చూడాలి" అని కొత్త వరుస వేయండి. వ్యవహారం ముగిసిందని అటునుంచి ఉత్తరమో, పోర్టల్‌లో స్థితి మార్పో వచ్చాకే నాలుగో విభాగం.

గడువులోపు కాదని ముందే తెలిసిపోతే, గడువు ఉండగానే అదనపు సమయం రాతపూర్వకంగా అడగండి. ఎందుకు కాలేదో, ఎన్ని రోజులు కావాలో, ఏ పత్రం ఎప్పుడు అడిగారో రాయండి. అడిగినంత మాత్రాన గడువు జరగదు. వాళ్లు ఒప్పుకున్నట్టు జవాబు వచ్చేవరకు పట్టికలో పాత తేదీని కొట్టేయకండి. అప్పీలు గడువుల్లాంటివి కొన్ని ఉత్తరం రాస్తే పెరగవు కూడా. అమెరికాలో పైన చెప్పిన 90 రోజులను పన్ను శాఖ కూడా పొడిగించలేదు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

డబ్బు కట్టేసి ఊరుకోవడం. డిమాండు నోటీసు వచ్చింది, కట్టేశారు. కానీ నోటీసులో "జవాబు సమర్పించండి" అని కూడా ఉంది, అది చేయలేదు. చలానా మీద సంవత్సరమో, పన్ను రకమో తప్పు పడితే ఆ డబ్బు వేరే పద్దులో కూర్చుంటుంది. కట్టామన్న ధీమాలో మీరుంటారు, బాకీ అలాగే కనిపిస్తుంటుంది.

"ఇది అప్పుడు వచ్చిందే కదా" అని రెండో నోటీసును పక్కన పడేయడం. చూడ్డానికి అచ్చం ఒకేలా ఉంటాయి. సూచిక సంఖ్య, తేదీ, సంవత్సరం మూడూ పాతదానితో పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్కటి తేడా ఉన్నా కొత్త కాగితమే. రిమైండర్ అయితే దానికి తక్కువ గడువు ఉండొచ్చు, మరో ఏడాదిదైతే దానికి వేరే జవాబు ఇవ్వాలి.

సలహాదారుకు ఫోటో పంపి మరిచిపోవడం. వాట్సాప్‌లో నోటీసు ఫోటో పెట్టగానే బరువు దిగినట్టు అనిపిస్తుంది. ఆయనకు ఆ రోజు వచ్చిన ఫోటోల్లో మీది ఒకటి. గడువు తేదీ కూడా రాసి పంపండి, "అందింది, ఫలానా రోజుకు చేస్తాను" అన్న జవాబు తీసుకోండి. పట్టికలో ఆ వరుస మీ పేరు మీదే ఉంటుంది, ఆయన పేరు మీద కాదు.

పాత చిరునామా. ఇల్లు మారినప్పుడు బ్యాంకుకు చెబుతాం, పన్ను శాఖకు చెప్పడం మరిచిపోతాం. రికార్డులో ఉన్న చిరునామాకు పంపితే వాళ్ల బాధ్యత చాలా సందర్భాల్లో తీరిపోతుంది. మారిన వారంలోనే అన్నిచోట్లా మార్పించండి.

పద్ధతి పనిచేస్తోందో లేదో ఇలా చూసుకోండి

పట్టికలో పూర్తికాని వరుసలు లెక్కించండి, తర్వాత మొదటి, రెండో విభాగాల్లోని నోటీసులు లెక్కించండి. రెండు లెక్కలూ సరిపోవాలి. నోటీసులు ఎక్కువుంటే ఏదో పట్టికలో ఎక్కలేదు. వరుసలు ఎక్కువుంటే ఏదో కాగితం ఇంట్లో ఇంకెక్కడో ఉంది, హ్యాండ్‌బ్యాగులోనో, టీవీ పక్కనో.

రెండో పరీక్ష: ఈ ఫైల్ ఎప్పుడూ చూడని ఇంట్లోవాళ్ల చేతికి ఇచ్చి, "మనం ముందు చేయాల్సిందేంటి, ఎప్పటిలోగా?" అని అడగండి. మీరేం చెప్పకుండానే వాళ్లు ఒక నిమిషంలో చెప్పగలగాలి. తడబడ్డారంటే మీ తేదీలు సరిగ్గా కనిపించడం లేదని, లేదా "ఏం చేయాలి" దగ్గర మీకు మాత్రమే అర్థమయ్యేలా రాశారని.

మూడోది, రేపటి తేదీతో క్యాలెండర్‌లో ఓ ఉత్తుత్తి గుర్తు పెట్టి మోగుతుందో లేదో చూడండి. ఫోన్ మార్చినప్పుడు నోటిఫికేషన్లు ఆగిపోవడం మామూలే. కొత్త ఫోన్ కొన్న ప్రతిసారీ ఈ పరీక్ష చేయండి.

ముగిసినవాటి విభాగం లావైతే ఏడాది వారీగా వేరే ఫైల్లోకి మార్చండి. మార్చేటప్పుడు నోటీసు, మీ జవాబు, రసీదు, వ్యవహారం ముగిసిందన్న ఉత్తరం విడిపోకుండా ఒకే క్లిప్‌లో ఉంచండి. ఎన్నేళ్లు ఉంచాలన్నది మీ దేశపు పన్ను శాఖ పాత లెక్కలను ఎంతకాలం వరకు తిరగదోడొచ్చో దాన్నిబట్టి ఉంటుంది, ఆ కాలం దాటేవరకు ఏదీ పారేయొద్దు. ఇల్లు, స్థలం లాంటి ఆస్తులకు సంబంధించినవైతే ఆ ఆస్తి అమ్మి, ఆ ఏడాది పన్ను లెక్క తేలేవరకు ఉంచండి.